సీఓపీడీ కేర్ ప్లాన్: గోల్ 95 శాతం కాదు, మరెంత?

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. సీఓపీడీ పేషెంట్ కేర్ ప్లాన్‌లో ‘ఆక్సిజన్ శాచురేషన్ 95 శాతం పైన ఉండాలి’ అని గోల్ రాస్తే మేడమ్ ఎర్ర ఇంకుతో కొట్టేశారు. ఇంటర్వ్యూల్లో కూడా ఇదే అడుగుతారట. ఎలా రాయాలి?

జవాబు: మేడమ్ కొట్టేసింది సరైన లైన్‌నే. చాలా ఏళ్లుగా సీఓపీడీ ఉండి, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ నిలిచిపోయే ముప్పున్న పేషెంట్‌కి లక్ష్యం 88 నుంచి 92 శాతం. ఆక్సిజన్ అతిగా ఇస్తే, గాలి సరిగా ఆడని ఊపిరితిత్తి భాగాలకు కూడా రక్తం మళ్లుతుంది. కొంతవరకు శ్వాస జోరూ తగ్గుతుంది. దాంతో కార్బన్ డయాక్సైడ్ ఇంకా పేరుకుపోతుంది.

ఒక కేసు అనుకుందాం. 64 ఏళ్ల పెద్దాయన మంచం అంచున కూర్చుని, చేతులు మోకాళ్లకు ఆనించి ముందుకు వంగి ఉన్నారు. రెండు మాటలు అని ఆగిపోతున్నారు. శ్వాస నిమిషానికి 30, శాచురేషన్ 84, కఫం చిక్కగా ఉంది. ఇక్కడ మొదటి డయాగ్నసిస్ ‘ఇంపెయిర్డ్ గ్యాస్ ఎక్స్ఛేంజ్’. రెండోది, కఫం కారణంగా, ‘ఇనెఫెక్టివ్ ఎయిర్‌వే క్లియరెన్స్’. ఆయాసం వల్ల తిండి తగ్గడం, నాలుగడుగులకే అలసిపోవడం కూడా ఉంటాయి కానీ, అవి తర్వాత రాయొచ్చు. అన్నీ ఒకేసారి రాస్తే ఏది ముందో మీకే తెలియదనిపిస్తుంది.

గోల్ ఇలా రాయండి: ‘గంటలోపు శాచురేషన్ 88–92 మధ్యకు వస్తుంది, శ్వాస రేటు 24కి తగ్గుతుంది, పూర్తి వాక్యం మాట్లాడగలుగుతారు.’ ‘శ్వాస మెరుగుపడుతుంది’ అని రాస్తే, మెరుగైందో లేదో కొలిచేదెలా?

ఇంటర్వెన్షన్లలో ముందు పొజిషన్. పడుకోబెట్టకండి, ముందు టేబుల్ పెట్టి దానిమీద వాలి కూర్చోనివ్వండి. ఆక్సిజన్ డాక్టర్ ఆర్డర్ ప్రకారం వెంచురి మాస్క్‌తో 24 లేదా 28 శాతం. ఎక్కువ ప్రమాదమని అసలే ఇవ్వకుండా ఉండటం మరో తప్పు, 84 దగ్గర వదిలేయకూడదు. ముక్కుతో పీల్చి, పెదవులు సున్నాలా చుట్టి, పీల్చినదానికి రెట్టింపు సేపు వదలడం పక్కన కూర్చుని చేసి చూపించండి. కఫానికి, నెబ్యులైజర్ అయ్యాక అద్దం మీద ఆవిరి ఊదినట్టు ‘హఫ్’ దగ్గు చేయించండి. గుండె జబ్బు లాంటి కారణంతో డాక్టర్ వద్దనకపోతే నీళ్లు ఎక్కువ తాగించవచ్చు.

ఎవాల్యుయేషన్ దగ్గరే చాలామంది బోల్తా పడతారు. శాచురేషన్ 96 వచ్చింది, పెద్దాయన ప్రశాంతంగా నిద్రపోతున్నారని సంతోషించకండి. పల్స్ ఆక్సీమీటర్‌కి కార్బన్ డయాక్సైడ్ కనిపించదు. పిలిస్తే మగతగా చూస్తున్నా, తలనొప్పి అంటున్నా, చేతులు చాపమంటే రెపరెపలాడుతున్నా వెంటనే డాక్టర్‌కి చెప్పాలి, ధమని రక్త పరీక్ష కావాలి. మీ ప్లాన్ చివరి గడిలో ‘పిలిస్తే వెంటనే పలికారా’ అన్నది కూడా రాసుకోండి.