ఒక్క కాగితం మందం సగమే వస్తోంది

"పాఠ్యపుస్తకంలో 1 నుంచి 200 పేజీల వరకు అట్టలు లేకుండా స్కేలుతో కొలిస్తే 10 మి.మీ. వచ్చింది. 200తో భాగిస్తే 0.05 మి.మీ. సార్ 0.1 దగ్గర రావాలంటున్నారు. ఎక్కడ తప్పింది?"

మీరు భాగించింది పేజీల సంఖ్యతో. ఒక్కో కాగితానికి రెండు వైపులా రెండు పేజీలుంటాయి కాబట్టి 200 పేజీలంటే 100 కాగితాలే.

10 ÷ 100 = 0.1 మి.మీ.

ఇక ఎక్కువమంది వదిలేసే పని, కట్టను నొక్కడం. కాగితాల మధ్య గాలి ఉంటే మందం ఎక్కువ వస్తుంది. కాగితాలు పెంచినా ఈ తప్పు తగ్గదు, ఎందుకంటే వాటితోపాటు సందులూ పెరుగుతాయి. అందుకే:

1. కట్ట మీద బరువైన పుస్తకం పెట్టి, కుట్టు లేని అంచు దగ్గర కొలవండి. బరువు తీసి మళ్లీ కొలవండి. తేడా కనిపిస్తే అది గాలి వల్లే. బరువుతో వచ్చిన కొలతే తీసుకోండి.

2. స్కేలు చివర అరిగి ఉంటే 1 సెం.మీ. గీత నుంచి మొదలుపెట్టి, చివర్లో 10 మి.మీ. తీసేయండి. కన్ను గీతకు ఎదురుగా ఉండాలి.

3. కాగితాలు ఎక్కువే తీసుకోండి. స్కేలు చదవడంలో అర మి.మీ. అటూ ఇటూ అవుతుందనుకోండి. 10 కాగితాలైతే ఒక్కోదానికి 0.05 మి.మీ. తేడా, అంటే మందంలో సగం! 100 కాగితాలైతే 0.005 మాత్రమే.

కాబట్టి బరువు పెట్టినా 10 మి.మీ.యే వస్తే రికార్డులో 0.100 ± 0.005 మి.మీ. అని రాయండి.