కాంట్రాక్టు పెళ్లి, గతం మర్చిపోవడం: కొత్తగా చూసేవాళ్ల కోసం

ప్రశ్న: కొరియన్, జపనీస్ ప్రేమ సీరియళ్లు ఈమధ్యే మొదలుపెట్టాను. ఎందులో చూసినా కాంట్రాక్టు పెళ్లి, లేదంటే యాక్సిడెంట్‌లో గతం మర్చిపోవడం. ఎందుకిలా? చూస్తూ ఉండనా, మానేయనా?

మానేయకండి. కాలేజీ రోజుల నుంచి ఇవి చూస్తున్నాను, కాంట్రాక్టు పెళ్లి కథ బాగా రాస్తే ఇప్పటికీ రాత్రి రెండింటి దాకా కూర్చుంటాను.

ఒకరంటే ఒకరికి ప్రేమ లేని ఇద్దరిని ఒకే ఇంట్లో పెట్టాలి, కథకి కాంట్రాక్టు పెళ్లి కావాల్సింది అందుకే. 2004లో వచ్చిన కొరియన్ సీరియల్ ‘ఫుల్ హౌస్’లో హీరోయిన్ ఇంటిని ఆమె ఊళ్లో లేనప్పుడు స్నేహితులే అమ్మేస్తారు. కొన్నది ఒక సినిమా హీరో. ఆ ఇల్లు తిరిగి దక్కించుకోవడానికే ఆమె అతనితో ఒప్పంద పెళ్లికి సిద్ధపడుతుంది. ఒప్పందం వెనక ఇలాంటి గట్టి అవసరం ఉందా అని మొదట చూడండి. లేకపోతే మూడో ఎపిసోడ్‌కే కథ డీలా పడుతుంది.

ఆ తర్వాత షరతుల మీద కన్నేయండి. 2016 నాటి జపనీస్ సీరియల్ ‘వీ మ్యారీడ్ యాజ్ ఎ జాబ్’లో ఉద్యోగం లేని మికురి అనే అమ్మాయి హిరామసా అనే అతని ఇంట్లో పనికి చేరి, తర్వాత జీతం తీసుకునే భార్య అవుతుంది. చుట్టూ ఉన్నవాళ్లకు కొత్త దంపతుల్లా కనిపించాలని, వారానికోసారి కౌగిలించుకోవాలని ఇద్దరూ రోజు ఖాయం చేసుకుంటారు. ఆ రోజు వచ్చినప్పుడు ఇద్దరూ పడే మొహమాటం చూడాలి! ఏ ప్రేమలేఖా అంత చెప్పదు. పదో ఎపిసోడ్‌లో అతను నిజమైన పెళ్లికి అడుగుతాడు, జీతం మిగులుతుందని లెక్కలతో సహా. ప్రేమ ఉంది కదా అని పని ఉచితంగా చేయించుకోవడం దోపిడీ అని ఆమె మొహమాటం లేకుండా చెప్తుంది. ఇంటిపని విలువ గురించి ఇంత సూటిగా అడిగిన ప్రేమకథ నేను ఇంకోటి చూడలేదు.

గతం మర్చిపోవడం దీనికి తిరగేసిన పని చేస్తుంది. కాంట్రాక్టు ప్రేమని బయటపడనివ్వదు, ఇది బయటపడిన ప్రేమని చెరిపేస్తుంది. అందుకే ఎప్పుడు వాడారన్నది ముఖ్యం. 2002 నాటి కొరియన్ సీరియల్ ‘వింటర్ సొనాటా’లో యాక్సిడెంట్ కథ మొదట్లోనే జరుగుతుంది. చనిపోయాడనుకున్న హీరో జూన్‌సాంగ్ పదేళ్ల తర్వాత వేరే పేరుతో హీరోయిన్ యూజిన్‌కు ఎదురుపడతాడు. ఆమెకు ఆ ముఖం గుర్తుంది, అతనికి ఆమె గుర్తు లేదు. మనకు తెలిసింది వాళ్లకు తెలియదన్న టెన్షన్ మీదే కథ నడుస్తుంది. పైగా అతని జ్ఞాపకాలు మారడం వెనక తల్లి హస్తం ఉంటుంది కాబట్టి అది ఉత్త యాక్సిడెంట్‌గా మిగలదు.

అదే పదహారు ఎపిసోడ్ల కథలో పదమూడోదానికి ఉన్నట్టుండి తలకి దెబ్బ తగిలిందంటే, చెప్పడానికి ఇంకేమీ లేక సాగదీస్తున్నారని అర్థం. అలాంటప్పుడు నేను నేరుగా చివరి ఎపిసోడ్‌కి వెళ్లిపోతాను.

ముందు జపనీస్‌ది చూడండి, పదకొండే ఎపిసోడ్లు. ‘వింటర్ సొనాటా’ ఇరవై ఎపిసోడ్లు, నడక కూడా నెమ్మది. సెలవులకి ఉంచుకోండి.