మైనం కరిగే సమయం లెక్కలో సెన్సిబుల్ హీట్‌ని వదిలేయొచ్చా?

"చెన్నైలో మా డాబా మీద రేకు కింద మైనం పలక పెడుతున్నాం. 1 సెం.మీ. కరగడానికి పట్టే సమయాన్ని ఒక్క లేటెంట్ హీట్‌తోనే లెక్కేస్తే సరిపోతుందా?"

కరిగిన పొర వరకైతే సరిపోతుంది. మైనం 50 డిగ్రీల దగ్గర కరుగుతుంది, రేకు 60 దగ్గర ఉంది అనుకుందాం. కిలో మైనం కరగడానికి దాదాపు 200 కిలోజౌళ్లు కావాలి, అదే లేటెంట్ హీట్. కరిగిన పొర సగటున 5 డిగ్రీలే అదనంగా వేడెక్కుతుంది, అంటే డిగ్రీకి 2 చొప్పున కిలోకి 10 కిలోజౌళ్ల సెన్సిబుల్ హీట్. అంత తక్కువ కాబట్టే కరిగిన, కరగని మైనాల మధ్య సరిహద్దు జరుగుతున్నా పొరలో ఉష్ణోగ్రత సరళరేఖలోనే పడుతుందనుకోవచ్చు:

`t = ρLs²/(2kΔT)`

సాంద్రత ρ = 800, ఉష్ణవాహకత k = 0.2, లేటెంట్ హీట్ L = 2,00,000, పొర మందం s = 0.01, రేకుకీ కరిగే ఉష్ణోగ్రతకీ తేడా ΔT = 10 (ఎస్సై యూనిట్లలో) వేస్తే 4000 సెకన్లు, సుమారు 67 నిమిషాలు. మందం రెట్టింపైతే సమయం నాలుగింతలు.

అసలు తిరకాసు కరగని మైనంతోనే. అది పొద్దున 30 డిగ్రీల దగ్గరుంటే 50కి చేరడానికే కిలోకి 40 కిలోజౌళ్లు తాగేస్తుంది. దాన్ని 200కి కలపండి, కనీసం 80 నిమిషాలవుతుంది. వేడి పైనుంచి వస్తోంది కాబట్టి ద్రవం కలియబెట్టుకోదు, అది మీ అదృష్టం. కింద నుంచి వేడిచేస్తే మాత్రం పొర మందమయ్యాక ఈ సూత్రం చెప్పినదానికన్నా త్వరగా కరుగుతుంది.