రిజిస్టరైన ట్రస్టు దస్తావేజు ఉంటే ఆస్తి అంతా దాని ప్రకారమే వస్తుందా?

ప్రశ్న: మా నాన్నగారు 2015లో ట్రస్టు దస్తావేజు రాశారు. సీతమ్మధారలోని ఇల్లు తన తర్వాత ఇద్దరు కూతుళ్లకు చెరి సగం అని, తాను ఉన్నంత కాలం తానే ట్రస్టీ అని, ఆ తర్వాత మా అన్నయ్య ట్రస్టీ అని అందులో ఉంది. అన్నయ్య చదువుకు, వ్యాపారానికి అంతకుముందే చాలా ఇచ్చారు. 2018లో ఆనందపురం దగ్గర తన పేరు మీద ఒక స్థలం కొన్నారు. బ్యాంకులో డిపాజిట్లు ఉన్నాయి, వాటికి నామినీ అన్నయ్య. అమ్మ ముందే పోయింది, నాన్నగారు పోయి పద్నాలుగు నెలలైంది. చివరి రెండేళ్లు నేనే దగ్గరుండి చూసుకున్నాను, అన్నయ్య పండగకు కూడా రాలేదు. ఇప్పుడు ట్రస్టు చెల్లదని, వీలునామా లేదు కనుక అన్నీ మూడు భాగాలేనని అంటున్నాడు. ఇంటి కింది వాటా అద్దె తనే తీసుకుంటున్నాడు. నాకూ చెల్లికీ కొంత డబ్బు ఇస్తానని, ఇంటి మీద హక్కు వదులుకుంటూ సంతకం పెట్టమంటున్నాడు. దస్తావేజు జిరాక్స్ మాత్రమే మా దగ్గర ఉంది. పాత తేదీ వేసి స్థలాన్ని కూడా ట్రస్టులో చేరుస్తూ అనుబంధ పత్రం రాయించుకుంటే సరిపోతుందని తెలిసినవారు చెబుతున్నారు. అలా చేయవచ్చా? స్థలం కూడా మాకే రావాలి కదా? — ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీ వ్యవహారం అంతా ఒక్క విషయం మీద ఆధారపడి ఉంది. నాన్నగారు కన్నుమూసే నాటికి ఏ ఆస్తి ట్రస్టులోకి వెళ్లింది, ఏది ఆయన సొంత పేరుతోనే మిగిలిపోయింది అన్నదే ఆ విషయం. ఆయనను ఎవరు చూసుకున్నారు, ఎవరు రాలేదు అన్నది వాటాలను మార్చదు. వీలునామా లేనప్పుడు హిందూ వారసత్వ చట్టం కొడుకునూ కూతుళ్లనూ సమానంగానే చూస్తుంది, సేవకు అదనపు భాగం ఇవ్వదు. కాబట్టి ఆ కథను అన్నయ్యకు పంపే నోటీసులో రాయించవద్దు. దస్తావేజు గురించి చెప్పవలసిన నాలుగు మాటలు దాని కింద పడి మరుగునపడతాయి.

ముందుగా ఇంటి సంగతి. స్థిరాస్తిని ట్రస్టుగా పెట్టాలంటే జీవితకాలంలో రాసిన పత్రం మీద సంతకం ఉండాలని, అది రిజిస్టరై ఉండాలని 1882 నాటి భారత ట్రస్టుల చట్టంలోని 5వ సెక్షన్ చెబుతుంది. రాసిన వ్యక్తే ట్రస్టీగా ఉన్నప్పుడు ఆస్తిని వేరొకరి పేరుకు బదిలీ చేయనవసరం లేదు, ఆ ప్రకటనే చాలు. కనుక మీ దస్తావేజు రిజిస్టరై ఉండి, ఇల్లు నాన్నగారి స్వార్జితమై, ఆస్తి వివరాల షెడ్యూలులో సర్వే నంబరు, డోరు నంబరు, హద్దులతో ఉంటే ఆ ఇల్లు 2015లోనే ట్రస్టు ఆస్తి అయిపోయింది. ఆ రోజు నుంచి ఆయన దాన్ని మీ ఇద్దరి కోసం పట్టుకున్న ట్రస్టీయే తప్ప స్వతంత్ర యజమాని కాదు. ఆయన మరణంతో అది వారసత్వంలో పడదు. మీ హక్కు దస్తావేజు నుంచి వస్తుంది కనుక ఇంటి కోసం వారసత్వ ధ్రువపత్రం అక్కరలేదు, వీలునామా లేకపోవడం లోపమూ కాదు. వీలునామా చేయవలసిన పనిని ఆ దస్తావేజు ఆ ఇంటి వరకు ముందే చేసేసింది. తర్వాతి ట్రస్టీగా మీ అన్నయ్య చేయవలసింది మీ ఇద్దరి పేర్లకు బదిలీ దస్తావేజు రిజిస్టరు చేయించడమే. దాని ఆధారంగానే మహా విశాఖ నగర పాలక సంస్థ పన్ను రికార్డులో పేర్లు మారతాయి. పన్ను రికార్డులో పేరు ఉన్నంత మాత్రాన హక్కు రాదన్నది కూడా గుర్తుంచుకోండి.

ఇక్కడే మిమ్మల్ని మందలించక తప్పదు. ఇంత పెద్ద ఆస్తి విషయంలో పద్నాలుగు నెలలుగా జిరాక్స్ కాగితం పట్టుకుని కూర్చున్నారు, అందులో రిజిస్టర్ నంబరు ఉందో లేదో కూడా మీరు రాయలేదు. ఈ వారమే సబ్-రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళ్లి ఆ దస్తావేజు సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి. అసలు దస్తావేజు అన్నయ్య బీరువాలో ఉన్నా, అందులోని విషయాన్ని నిరూపించడానికి సర్టిఫైడ్ కాపీ పనికొస్తుంది. ఇంటికి 2015 నుంచి నేటి వరకు రిజిస్టరైన లావాదేవీలు చూపే ఈసీ కూడా తీయించండి. ఈసీలో దస్తావేజు కనిపించలేదని కంగారుపడి వెనక్కి రావద్దు. స్థిరాస్తి దస్తావేజులు ఒకటో పుస్తకంలో నమోదవుతాయి, ఈసీ దాని నుంచే వస్తుంది. ట్రస్టు దస్తావేజును కార్యాలయం నాలుగో పుస్తకంలో నమోదు చేసి ఉంటే ఈసీలో జాడ ఉండదు. ఆ పుస్తకంలోని పత్రాల నకలు ఎవరికి పడితే వారికి ఇవ్వరు, కానీ ఆ పత్రం కింద హక్కు చెప్పుకునే వారికి ఇవ్వాలి. మీరు లబ్ధిదారులు కనుక అడిగే హక్కు మీకు ఉంది.

కాపీ చేతికి వచ్చాక రెండు చోట్ల శ్రద్ధగా చదవండి. ఒకటి, ట్రస్టును రద్దు చేసుకునే అధికారాన్ని నాన్నగారు తన దగ్గర ఉంచుకున్నారా అన్నది. అలాంటి నిబంధన లేకపోతే పెద్దలైన లబ్ధిదారులందరి సమ్మతి లేకుండా ఆయన రద్దు చేయలేరు. ఉంటే, రద్దు పత్రం ఎక్కడ అని అన్నయ్యను అడగాలి, చూపించవలసిన భారం ఆయనదే. రెండు, షెడ్యూలు. "నా యావదాస్తి, ఇకపై సంపాదించే ఆస్తి" అన్న మాటలు అందులో ఉండి ఉంటే అవే స్థలాన్ని కూడా పట్టుకుంటాయని మీరు అనుకుంటున్నట్లు తోస్తోంది. పట్టుకోవు. 2015లో ఆయనకు ఆ స్థలమే లేదు. గుర్తించదగిన వివరం లేని స్థిరాస్తిని ఆ దస్తావేజు తనలోకి తీసుకోలేదు. 2018లో సొంత పేరుతో కొన్నాక దానిని ట్రస్టుకు చేరుస్తూ ఆయన మరో దస్తావేజు రిజిస్టరు చేయించి ఉండవలసింది, లేదా మిగిలినదంతా ట్రస్టుకే చెందాలని ఒక చిన్న వీలునామా రాసి ఉండవలసింది. ట్రస్టు పెట్టే చాలామంది ఈ రెండో పని మరిచిపోతారు. కాబట్టి స్థలం విషయంలో మీ అన్నయ్య మాటే నిజం, అది ముగ్గురికీ మూడు సమాన భాగాలు.

పాత తేదీ అనుబంధ పత్రం ఆలోచనను ఈ క్షణమే వదిలేయండి. మరణించిన వ్యక్తి సంతకంతో ఆస్తి పత్రం సృష్టించడం ఫోర్జరీ. విలువైన పత్రాల ఫోర్జరీకి భారతీయ న్యాయ సంహిత 338వ సెక్షన్ కింద జీవిత ఖైదు వరకు శిక్ష ఉంది. పైగా అది మీకు పైసా ఉపయోగపడదు. రాసిన తేదీ నుంచి నాలుగు నెలల్లో, జరిమానాతో అయితే మరో నాలుగు నెలల్లో పత్రాన్ని రిజిస్ట్రేషన్‌కు సమర్పించాలి. 2018 తర్వాతి తేదీ వేసి, నాన్నగారు బతికున్నప్పుడే రాశారని చూపించే ఏ పత్రానికైనా ఆ గడువు ఇప్పటికే దాటిపోయింది, రిజిస్టరు కాని పత్రంతో స్థిరాస్తి ట్రస్టు ఏర్పడదు. అన్నిటికంటే ప్రమాదం ఏమిటంటే, అనుబంధం నకిలీ అని తేలిన రోజున మీ నిజమైన 2015 దస్తావేజు మీద కూడా న్యాయమూర్తికి అనుమానం కలుగుతుంది. గెలవవలసిన ఇంటిని రాని స్థలం కోసం పణంగా పెట్టినట్లవుతుంది.

డిపాజిట్ల దగ్గర కొంత ఓపిక కావాలి. ఉదాహరణకు షెడ్యూలులో రెండు డిపాజిట్లు నంబర్లతో సహా రాసి ఉన్నాయనుకోండి. నాన్నగారే ట్రస్టీ కనుక అవీ ట్రస్టులో ఉన్నట్లే. అయితే అవి ఆ తర్వాత ఎన్నోసార్లు రెన్యువల్ అయి, ప్రతిసారీ కొత్త నంబరు పడి ఉంటుంది. ఈ రోజు బ్యాంకులో ఉన్న నంబరుకూ షెడ్యూలులోని నంబరుకూ పొంతన లేదు కనుక అవి వేరే డిపాజిట్లని అన్నయ్య వాదిస్తారు. ట్రస్టు సొమ్ము వేరే రూపంలోకి మారినా, దాన్ని ఆ రూపంలో గుర్తించి వెంబడించే హక్కు ట్రస్టుల చట్టం 63వ సెక్షన్ లబ్ధిదారుకు ఇచ్చింది. కానీ నిరూపించవలసింది మీరే. 2015 నుంచి డిపాజిట్ ఖాతా స్టేట్‌మెంట్లు, రెన్యువల్ రసీదులు వరుసగా పేర్చి, ఒక డిపాజిట్ ముగిసిన రోజునే అదే మొత్తం తర్వాతి నంబరులోకి వెళ్లిందని చూపాలి. ఎక్కడైనా సొమ్ము పొదుపు ఖాతాలోకి వచ్చి ఇతర డబ్బుతో కలిసిపోయి ఉంటే అక్కడి నుంచి నిరూపణ కష్టమవుతుంది. షెడ్యూలులో లేని డిపాజిట్లకు మాత్రం ముగ్గురూ సమాన వారసులే, వాటికి వారసత్వ ధ్రువపత్రం తెచ్చుకోవచ్చు. అన్నయ్య నామినీ అయినందువల్ల బ్యాంకు ఆయనకు డబ్బు చెల్లించవచ్చు, అంతమాత్రాన అది ఆయన సొంతం కాదు. నామినీ అంటే వారసుల తరఫున సొమ్ము అందుకునే వ్యక్తి మాత్రమేనని సుప్రీంకోర్టు 1983లో జీవిత బీమా విషయంలో, 2023లో కంపెనీ వాటాల విషయంలో స్పష్టం చేసింది. వారసుల మధ్య వివాదం ఉందని బ్యాంకుకు రాతపూర్వకంగా తెలియజేసి, రసీదు తీసుకోండి.

ఇంటి మీద హక్కు వదులుకుంటూ సంతకం పెట్టవద్దు. అద్దె తీసుకుంటున్నాడంటే అన్నయ్య ట్రస్టీ బాధ్యతను స్వీకరించినట్లే అని వాదించడానికి మీకు మంచి ఆధారం ఉంది. ట్రస్టీ తన చేతిలో ఉన్న ట్రస్టు ఆస్తిని తానే కొనుక్కోవడాన్ని ట్రస్టుల చట్టం 53వ సెక్షన్ నిషేధిస్తుంది. అలా కొనాలంటే జిల్లా స్థాయి సివిల్ కోర్టు అనుమతి కావాలి, ఆ కొనుగోలు లబ్ధిదారుకు స్పష్టంగా లాభమని తేలితేనే కోర్టు అనుమతిస్తుంది. ఇవ్వజూపిన మొత్తం ఇంటి మార్కెట్ విలువకు దగ్గరగా ఉందో లేదో కూడా మీరు చూసినట్లు లేదు. మీరు ఒకసారి హక్కు వదులుకునే విడుదల దస్తావేజు మీద సంతకం చేశాక, అది మోసంతో తీసుకున్నదని రద్దు చేయించుకోవాలంటే ఆ సంగతి తెలిసిన నాటి నుంచి మూడేళ్లలో దావా వేయాలి, నిరూపణ భారం మీ మీదే ఉంటుంది.

కాలపరిమితి విషయానికి వస్తే, నిర్దిష్ట ప్రయోజనం కోసం ఆస్తి అప్పగించబడిన ట్రస్టీ నుంచి దాన్ని తిరిగి పొందడానికి కాలపరిమితి చట్టం 10వ సెక్షన్ ఏ గడువూ పెట్టలేదు. అది విని నిశ్చింతగా కూర్చోవద్దు. అన్నయ్య ఇంటిని ఎవరికైనా అమ్మితే, కొన్నవారి నుంచి స్వాధీనం పొందడానికి ఆ అమ్మకం మీకు తెలిసిన రోజు నుంచి పన్నెండేళ్ల గడువు మొదలవుతుంది. హక్కు ప్రకటన కోరే దావాకు మూడేళ్లే. ట్రస్టు చెల్లదని అన్నయ్య మీతో అన్న నాటి నుంచే ఆ మూడేళ్లు నడుస్తున్నాయని ప్రత్యర్థి వాదించవచ్చు కనుక ఆ తేదీని, ఎవరి ఎదుట అన్నాడో, వాట్సాప్ సందేశాలేమైనా ఉన్నాయో ఇప్పుడే రాసి పెట్టుకోండి.

సర్టిఫైడ్ కాపీ వచ్చిన వెంటనే మీరూ చెల్లెలూ కలిసి అన్నయ్యకు స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. ట్రస్టు దస్తావేజు ప్రకారం ఇంటిని బదిలీ చేయాలని, నాన్నగారి మరణం నుంచి వచ్చిన అద్దె లెక్క చెప్పాలని, లెక్కలు, కాగితాలు చూపాలని అందులో కోరండి. లెక్క ఉంచడం, అడిగితే చూపడం ట్రస్టీ చట్టపరమైన విధి. కింది వాటా అద్దెదారుకు కూడా నోటీసు కాపీ పంపండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, ట్రస్టును కాదన్నా, విశాఖపట్నం కోర్టులో హక్కు ప్రకటన, ట్రస్టీ మార్పు, అద్దె లెక్క, బదిలీ దస్తావేజు చేయాలన్న ఆదేశం, అమ్మకుండా తాత్కాలిక ఇంజంక్షన్ కోరుతూ దావా వేయించండి. హక్కే వివాదంలో ఉంది కనుక కొత్త ట్రస్టీ నియామకం కోసం ట్రస్టుల చట్టం 74వ సెక్షన్ కింద చిన్న దరఖాస్తుతో సరిపెట్టుకోవడం చాలదు. స్థలానికి మూడో వంతు కోరుతూ భాగపంపిణీ అడగండి, కానీ దానిని ట్రస్టు దావాలో కలపాలా, విడిగా వేయాలా అన్నది మీ న్యాయవాది పత్రాలన్నీ చూసి నిర్ణయించాలి.