గడప బయటే ఆగాల్సిన కోపం

“మేనేజర్ మాటలకు నోరు మూసుకుని వస్తాను. ఇంట్లో పాప ఏదో అడగ్గానే అరిచేస్తాను. తర్వాత బాధపడతాను. ఎలా ఆపాలి?”

పాప కారణం కాదు. ఆఫీసులో తేలకుండా మిగిలిన విషయం దారంతా మీ బుర్రలో తిరుగుతోంది. ఇంట్లో మొదట పలకరించినవాళ్ల మీద అది పడుతోంది.

1. చాలామంది వదిలేసేది ఇదే: ఆఫీసులో సీట్లోంచి లేచే ముందు అయిదు నిమిషాలు కాగితం మీద రాయండి. ఏం జరిగింది, రేపు దాని మీద నేను చేసే మొదటి పని ఏంటి. “రిపోర్టు బాలేదని అందరి ముందు అన్నారు. రేపు పదింటికి ఏ పేజీ మార్చాలో అడుగుతాను.” అంతే. తిట్లు రాయకండి, రాసేకొద్దీ కోపం పెరుగుతుంది. నేను మొదట్లో అదే చేశాను, దండగ.

2. ఆ కాగితం డ్రాయర్‌లోనే ఉంచి రండి.

3. దారిలో ఆ గొడవ గురించి ఫోన్‌లో ఎవరికీ చెప్పకండి. చెప్పిన ప్రతిసారీ అది మళ్లీ మొదలవుతుంది.

4. గుమ్మం ముందు ఒకసారి చూసుకోండి: దవడ బిగిసి ఉందా? ఉంటే ఇంకో పది నిమిషాలు నడిచి రండి.

5. ఇంట్లో ముందే చెప్పండి: “వచ్చాక పావుగంట నన్నేమీ అడగొద్దు, తర్వాత నేనే వస్తాను.” చెప్పిన టైముకి వెళ్లాలి, లేకపోతే రెండో రోజు ఎవరూ నమ్మరు.

అయినా అరిస్తే, ఆ రాత్రే పాపతో “నీ తప్పు కాదు, కోపం ఆఫీసుది” అనండి.