నెలనెలా సున్నా అవుతున్న పుట్‌లు: ఆపాలా?

"20 లక్షలూ నిఫ్టీ ఫండ్‌లోనే ఉన్నాయి. నెలకు 8 వేలతో, నిఫ్టీ 15 శాతానికి మించి పడితే డబ్బొచ్చే పుట్ ఆప్షన్లు కొంటున్నా. 14 నెలలుగా అన్నీ సున్నా. ఆపేయాలా?"

ఆపొద్దండీ, ఖర్చు తగ్గించండి. ఏడాదికి 96 వేలంటే దాదాపు 5 శాతం. అంత కారుతుంటే ఫండ్ లాభంలో పెద్ద భాగం అందులోనే పోతుంది. ఏడాదికి 20 వేలు దాటనివ్వకండి. మూడు నెలల పుట్ కొని, నెల గడువుండగానే అమ్మి, తర్వాతిది తీసుకోండి. గడువు ముగిసేదాకా ఉంచుకుంటే మిగిలిన విలువా కరిగిపోతుంది.

ఇంకోటి, దీన్ని బార్‌బెల్ పద్ధతి అనుకోకండి, ఇది షేర్లకు బీమా. బార్‌బెల్ అంటే 18 లక్షలు ఎఫ్‌డీ, ట్రెజరీ బిల్లుల్లో ఉంచి, వచ్చే వడ్డీతోనే పుట్‌లు కొనడం. అప్పుడు పుట్‌లకు కట్టిన ప్రీమియం పోయినా అసలు కదలదు.

ఎప్పుడు అమ్మాలో ఇప్పుడే రాసి పెట్టుకోండి. 2020 జనవరి 14న 12,362 దగ్గరున్న నిఫ్టీ మార్చి 23కి 7,610కి పడింది, డిసెంబరు చివరికి 14,000 దగ్గరికొచ్చింది. అలాంటి పతనంలో పుట్‌ల విలువ కొన్న ధరకు పది రెట్లయితే సగం అమ్మి, ఆ డబ్బుతో ఫండ్ కొనండి. ఆ భయంలో కొత్త పుట్‌లు మాత్రం కొనొద్దు, 2020 మార్చిలో మార్కెట్ భయాన్ని కొలిచే ఇండియా విక్స్ 80 దాటింది, ప్రీమియంలు మండిపోయాయి.

నిఫ్టీ నెలకు ఒక శాతం చొప్పున ఏడాదంతా జారితే మాత్రం ఈ పుట్‌లు ఆదుకోవు.