టీ నగర్ బట్టల షాపులో దీపావళి పని: రోజుకు 700 అంటే గంటకు ఎంత?

ప్రశ్న: చెన్నైలో బీకాం రెండో ఏడాది చదువుతున్నా. టీ నగర్‌లో ఒక బట్టల షాపులో దీపావళికి ముందు 20 రోజులు పని ఉంది, రోజుకు 700 ఇస్తామంటున్నారు. చేరొచ్చా? తర్వాత ఉద్యోగానికి ఏమైనా పనికొస్తుందా?

జవాబు: ముందు టైమింగ్స్ అడగండి. పొద్దున 10 నుంచి రాత్రి 9:30 దాకా, మధ్యలో భోజనానికి గంట అన్నారనుకోండి. అంటే పని పదిన్నర గంటలు. రానూపోనూ ప్రయాణం కూడా కలిపితే మీ రోజులో 13 గంటలు పోతాయి. ట్రైనుకీ బస్సుకీ 40, తిండికి 120 తీసేస్తే మిగిలేది 540, గంటకు 40 చిల్లర. షాపువాళ్ళే భోజనం పెడితే లెక్క బాగానే మారుతుంది, అందుకే అది కూడా అడగాలి.

తమిళనాడు షాపుల చట్టం ప్రకారం రోజుకు 8 గంటలు దాటిన పనికి రెట్టింపు కట్టాలి. ఆ లెక్కన పదిన్నర గంటలంటే 13 గంటల కూలి. 700ని 13తో భాగిస్తే గంటకు 54, అంటే మీకు ఇస్తామన్నది నిజానికి 8 గంటలకు 430. బేరం ఆడాల్సింది ఈ అంకె మీద. తాత్కాలిక పనివాళ్ళకు ఓటీ విడిగా లెక్కగట్టే షాపు దొరికితే వదలకండి.

డబ్బు ఎక్కువగా తేడా వచ్చేది చివర్లోనే. పండగ అయ్యాక ఒకేసారి ఇస్తాం, మధ్యలో మానేస్తే బోనస్ లేదు అంటారు. మీ ఇంటర్నల్స్ ఆ 20 రోజుల్లో పడ్డాయా, ఒక్కరోజు సెలవు పెడితే ఎన్ని రోజుల జీతం కోస్తారు, ఈ రెండూ తేలకుండా చేరొద్దు. వారంవారం ఇమ్మని అడగండి. కుదరదంటే హాజరు పుస్తకంలో మీ పేజీని రోజూ ఫోటో తీసుకోండి.

ఇక పనికొస్తుందా అంటే, ఏ సెక్షన్‌లో వేస్తారన్నదే ముఖ్యం. విప్పిన చీరలు మడతపెట్టే పని రెండు రోజుల్లో వచ్చేస్తుంది, ఆ తర్వాత నేర్చుకునేదేమీ ఉండదు. బీకాం వాళ్ళకు బిల్లింగ్ మంచిది: రిటర్న్ బిల్లు, జీఎస్టీ, రాత్రి క్యాషూ కార్డూ యూపీఐ విడివిడిగా టాలీ చేయడం కళ్ళారా చూస్తారు. కాకపోతే క్యాష్ తగ్గితే జీతంలో కోత పడొచ్చు. ఒకే డ్రాయర్‌ని ఇద్దరు ముగ్గురు వాడే కౌంటరైతే వద్దనండి, ఎవరి తప్పో తేలదు. అది దొరక్కపోతే పట్టుచీరల సెక్షన్ అడగండి. నెల్లూరు, తిరుపతి వైపు నుంచి పెళ్ళి బట్టలకు వచ్చేవాళ్ళు ఉంటారు కాబట్టి మీ తెలుగుకి అక్కడ విలువ ఉంటుంది.

చేరేముందు ఒక ఆదివారం సాయంత్రం కస్టమర్‌లా ఆ షాపుకి వెళ్ళి చూడండి. సేల్స్ వాళ్ళకు కూర్చోవడానికి ఏర్పాటు ఉండాలని 2021లో చట్టంలోనే పెట్టారు. స్టూళ్ళున్నాయా, వాటి మీద మనుషులు కూర్చుంటున్నారా, లేక బట్టల కట్టలు పెట్టారా చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. తేదీలూ సెక్షన్ పేరూ రాసిన అనుభవ పత్రం లెటర్‌హెడ్ మీద కావాలని చేరే రోజే చెప్పండి. పండగ ముందురోజు అడిగితే సూపర్‌వైజర్‌కి తలెత్తే తీరిక ఉండదు.